ఒక కామెంటుకు ఇద్దరు యజమానులు

ఆలిస్, బాబ్ కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన చూడటానికి వెళ్లారు. ఆలిస్ ఆ సంగతి ఫేస్‌బుక్‌లో పెట్టింది. తామూ అక్కడ ఉంటే బాగుండేదని కేథీ దాని కింద కామెంట్ రాసింది. ఆ కామెంటుకు డేవిడ్ లైక్ కొట్టాడు. ఈ నలుగురూ నిజం మనుషులు కారు. 2013లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ నిల్వ వ్యవస్థ 'టావో' ఎలా పనిచేస్తుందో చెబుతూ ప్రచురించిన పరిశోధన పత్రంలో వీళ్లు ఉదాహరణగా వస్తారు. రోజూ మనం చేసే పనే ఇది. ఎవరో ఏదో పెడతారు, ఇంకొకరు కింద ఓ మాట అంటారు. ఆ మాట తర్వాత వద్దనిపిస్తే ఏం జరుగుతుందో తెలియాలంటే, అది కంప్యూటర్‌లో ఏ రూపంలో ఉందో ముందు చూడాలి.

టావో దృష్టిలో లోకమంతా రెండే రకాలు: వస్తువులు, వాటి మధ్య సంబంధాలు. ఆలిస్ ఒక వస్తువు, ఆమె పెట్టిన పోస్టు ఒక వస్తువు, కేథీ రాసిన కామెంటు మరో వస్తువు. ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. కామెంటు పోస్టు లోపల ఉండదు. ఆ పోస్టుకీ కామెంటుకీ మధ్య ఒక సంబంధం, కామెంటుకీ కేథీకీ మధ్య 'దీన్ని రాసింది ఈమె' అనే ఇంకో సంబంధం విడిగా నమోదవుతాయి. పోస్టు తెరిచినప్పుడు వ్యవస్థ మొదటి సంబంధాన్ని పట్టుకుని ఆ పోస్టు కింద ఉన్న కామెంట్లన్నీ ఏరి తెస్తుంది. కేథీ తాను ఇన్నాళ్లూ రాసిన కామెంట్ల జాబితా అడిగితే రెండో సంబంధాన్ని పట్టుకుని వెతుకుతుంది. 'ఈ కామెంటు రాసింది కేథీ', 'కేథీ రాసిన కామెంటు ఇది' అని ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ రెండు నమోదులు ఉండటం వల్లే ఈ వెతుకులాట సాధ్యమవుతోంది.

తొలగించే హక్కు కూడా ఈ రెండు సంబంధాల వెంటే నడుస్తుంది. కామెంటు రాసిన మనిషి దాన్ని తీసేయవచ్చు, మార్చి రాయవచ్చు. పోస్టు పెట్టిన మనిషి తన పోస్టు కింద ఎవరు రాసిన కామెంటునైనా తీసేయవచ్చు గానీ అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేరు. మాట రాసినవారిది, చోటు పోస్టు పెట్టినవారిది. ఈ విభజన సరైనదేనని నేననుకుంటాను. పోస్టు యజమానికి మార్చే హక్కు కూడా ఇస్తే, మీరు అనని మాట మీ పేరు మీద కనిపించే ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు కేథీ తన కామెంట్ తొలగించిందనుకుందాం. దాంతోపాటు ఇంకేం పోవాలి? డేవిడ్ కొట్టిన లైక్ పోవాలి, ఎందుకంటే లేని మాటకు లైక్ ఉండకూడదు. డేవిడ్ మాత్రం పోకూడదు, ఆలిస్ పోస్టూ పోకూడదు. మనకిది అడగాల్సిన ప్రశ్నలా కూడా అనిపించదు. కంప్యూటర్‌కు మాత్రం పోస్టు నుంచి కామెంటుకు వెళ్లే గీతా, కామెంటు నుంచి పోస్టుకు వెళ్లే గీతా ఒకేలా కనిపిస్తాయి. ఏ గీత వెంట చెరుపుకుంటూ వెళ్లాలో, ఏ గీత దగ్గర ఆగాలో మనిషే చెప్పాలి. ఇందుకోసం ఫేస్‌బుక్ తయారుచేసుకున్న 'డెల్ఫ్' అనే వ్యవస్థ గురించి 2020లో యూసెనిక్స్ భద్రతా సదస్సులో ఒక పత్రం వచ్చింది. అందులో ప్రతి సంబంధానికీ ప్రోగ్రామర్ ఒక గుర్తు పెట్టాలి. 'లోతైన' సంబంధమైతే ఇవతలిది పోయినప్పుడు అవతలిదీ పోతుంది. 'పైపై' సంబంధమైతే ఆ గీత మాత్రమే తెగుతుంది, అవతలి వస్తువు మిగులుతుంది. ఒకే వస్తువును పలువురు పట్టుకుని ఉంటే చివరివారు వదిలినప్పుడే అది పోయేలా మూడో గుర్తు ఉంది.

ఈ గుర్తుల్లో ఒక్కటి తప్పినా రెండు రకాల నష్టం జరగవచ్చు. లోతైన చోట పైపై అని పెడితే, మీరు తీసేశాననుకున్నది ఎక్కడో మిగిలిపోతుంది. పైపై ఉండాల్సిన చోట లోతైనదని పెడితే మీ కామెంటుతో పాటు వేరేవాళ్ల సమాచారం కూడా కొట్టుకుపోతుంది. మొదటి తప్పు ఎవరి కంటికీ కనిపించదు. రెండోది జరిగిన రోజునే గగ్గోలు పుడుతుంది. అందుకే డెల్ఫ్ తాను చెరిపినవాటి నకలును కొంతకాలం భద్రంగా ఉంచుతుంది, పొరపాటున పోయినదాన్ని తిరిగి నిలబెట్టడానికి.

ఆలిస్ తన పోస్టునే తీసేస్తే? పోస్టు నుంచి కామెంట్లకు వెళ్లేది లోతైన సంబంధం. కేథీ ఏమీ చేయకుండానే ఆమె మాటా పోతుంది. మీరు ఇంకొకరి పోస్టు కింద కష్టపడి రాసిన వివరణ ఏదైనా ఉంటే, దాని ఆయుష్షు ఆ పోస్టు ఆయుష్షే. పనికొచ్చే మాట అయితే మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి.

జవాబుల సంగతి మరీ చిక్కు. ఒక కామెంటు కింద పదిమంది జవాబులు రాశాక, మొదటి మాట రాసినవారు దాన్ని తీసేస్తే ఆ పదిమంది మాటలు ఏమవ్వాలి? ఫేస్‌బుక్‌లో అవి కూడా పోతాయి. రెడిట్ మరో దారి పట్టింది. అక్కడ కామెంటు రాసినవారే తీసేస్తే ఆ చోట `[deleted]` అని, మోడరేటర్ తీసేస్తే `[removed]` అని కనిపిస్తుంది. కింద జవాబులు అలాగే ఉంటాయి. సంభాషణ బతుకుతుంది గానీ మీరు ఏమన్నారో ఆ జవాబులను బట్టి సగం ఊహించవచ్చు, ఎవరైనా మీ మాటను ఎత్తి రాస్తే పూర్తిగానే చదవవచ్చు. రెడిట్‌లో ఖాతా మూసేస్తే పాత కామెంట్లు పోవు, వాటి మీద పేరు మాత్రమే పోతుంది. కామెంట్లు కూడా పోవాలంటే ఖాతా మూసేముందే వాటిని తీసేయాలి. ఇది తెలియక ముందుగా ఖాతా మూసేసినవారికి, తర్వాత ఆ మాటలను తాకే దారి ఉండదు.

తొలగించే బటన్ నొక్కిన క్షణాన యంత్రం లోపల జరిగేది ఇంకా వింతగా ఉంటుంది. చాలా వెబ్‌సైట్లలో మొదట జరిగేది చెరపడం కానే కాదు. కామెంట్ల పట్టికలో ఆ వరుస పక్కన 'ఫలానా సమయానికి తొలగించారు' అని రాసి, ఇక మీదట చూపించవద్దని గుర్తు పెడతారు. డేటాబేస్ భాషలో ఆ తేడా ఇలా ఉంటుంది:

```
UPDATE comments SET deleted_at = NOW() WHERE id = 4521;
DELETE FROM comments WHERE id = 4521;
```

మొదటి వాక్యం కామెంటును దాస్తుంది, రెండోది వరుసను తీసేస్తుంది. చూసేవారికి రెండింటికీ తేడా తెలియదు.

ఆ రెండో వాక్యం నడిచినా పని అక్కడితో అయిపోదు. ఫేస్‌బుక్ తన ప్రధాన సమాచారాన్ని 'రాక్స్‌డీబీ' అనే నిల్వ యంత్రం మీదికి మార్చుకుంది. ఇలాంటి యంత్రాలు డిస్కు మీద ఒకసారి రాసినదాన్ని వెనక్కి వెళ్లి దిద్దవు. కిరాణా కొట్టు చిట్టాలో పాత పద్దును గీకేయకుండా కింద రద్దు పద్దు రాసినట్టు, 'ఈ సంఖ్య గల వస్తువు ఇక లేదు' అని కొత్తగా ఒక నమోదు చేస్తాయి. దాన్ని 'టూంబ్‌స్టోన్' అంటారు. ఎవరైనా ఆ కామెంటు అడిగితే వ్యవస్థకు ముందు ఈ నమోదు ఎదురవుతుంది, లేదని జవాబిస్తుంది. అసలు అక్షరాలు ఇంకా పాత ఫైల్లోనే ఉంటాయి. యంత్రం తీరిక చూసుకుని పాత ఫైళ్లను కలిపి కొత్త ఫైలు రాసుకునేటప్పుడు ఆ అక్షరాలనూ టూంబ్‌స్టోన్‌నూ వదిలేస్తుంది. అప్పటికి గాని ఆ ఫైల్లోంచి మీ మాట నిజంగా పోదు.

పైగా ఒక్క చోట పోతే చాలదు. టావో పత్రం రాసేనాటికి ఆ వ్యవస్థకు వచ్చే పనుల్లో 99.8 శాతం చదవడాలే, రాయడాలు 0.2 శాతం. చదివేవాళ్లు అంతమంది కాబట్టి ఒకే సమాచారం ప్రపంచంలో చాలాచోట్ల నకళ్లుగా ఉంటుంది. రాత ముందు ఒక ప్రధాన ప్రాంతంలో నమోదై, తర్వాత మిగతా ప్రాంతాలకు చేరుతుంది. తొలగింపు కూడా రాతే కాబట్టి అదే దారిలో పోతుంది. మీ ఫోన్లో మాయమైన కామెంటు ఇంకో ఖండంలో ఉన్న మీ అన్నయ్యకు కాసేపు కనిపించిందంటే బటన్ పనిచేయలేదని కాదు, కబురు ఇంకా అక్కడికి చేరలేదని. అటూ ఇటూ ఉన్న జంట నమోదుల్లో ఒకటి పోయి రెండోది మిగిలిపోయే అవకాశం ఉందని టావో రూపకర్తలే రాశారు. అలా వేలాడే సంబంధాలను వెతికి సరిచేసే పని వెనకాల వేరుగా నడుస్తుంది. డెల్ఫ్ కూడా అంతే, మధ్యలో ఏదైనా యంత్రం మొరాయిస్తే మొదలుపెట్టిన తొలగింపును పూర్తయ్యేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఖాతా మొత్తాన్ని తొలగించినప్పుడు మీరు పెట్టినవన్నీ పోవడానికి 90 రోజుల దాకా పట్టవచ్చని ఫేస్‌బుక్ తన సహాయ పేజీల్లో చెబుతుంది. ఆ గడువు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక మీ సొంత పోస్టు సంగతి. అక్కడ మీకు తొలగించడం ఒక్కటే దారి కాదు, `Hide comment` కూడా ఉంది. ఈ రెండింటి ఫలితం వేరు. ఫేస్‌బుక్ పేజీలో ఒక కామెంటును దాస్తే, రాసినవారికీ వారి స్నేహితులకూ అది మామూలుగానే కనిపిస్తుంది, మిగతావారికి కనిపించదు. తొలగిస్తే తన కామెంట్ పోయిందని ఆ మనిషికి తెలిసిపోవచ్చు. కోపంగా ఉన్న మనిషి దాన్నే మళ్లీ ఇంకా ఘాటుగా రాస్తాడు. దాస్తే రాసినవాడు తన మాట ఉందనుకునే ఊరుకుంటాడు. ఒక ఊరి పేజీలోనో, కుటుంబ వేడుక ఫొటో కిందనో గొడవ చల్లార్చాలంటే దాచడం మేలు. కానీ ఆ మాట ఒక వ్యక్తి పరువు తీసేదో, ఒక కులాన్నో మతాన్నో దూషించేదో అయితే దాచడం చాలదు. రాసినవారి స్నేహితులందరికీ అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, వాళ్లలో బాధితుల బంధువులూ ఉండొచ్చు. అలాంటిదాన్ని తీసేయాల్సిందే. ఇన్‌స్టాగ్రామ్‌లో సొంత పోస్టు కింది కామెంట్లను ఒకేసారి 25 దాకా ఎంచుకుని తొలగించే వీలు 2020లో వచ్చింది. మూకుమ్మడిగా వచ్చిపడే తిట్లకు అది పనికొస్తుంది.

ముందే ఆపుదామని తిట్టు మాటల జాబితా పెట్టుకునేవారికి తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. ఈ జల్లెడలు ప్రధానంగా అక్షరాల వరుసను పోల్చి చూస్తాయి. 'వెధవ' అని జాబితాలో పెడితే 'వెధవలు', 'వెధవల్ని', 'వెధవా' రాసినప్పుడు అన్నిసార్లూ దొరుకుతాయన్న భరోసా లేదు, బహువచనమో విభక్తో చేరగానే మాట ఆకారం మారిపోతుంది కాబట్టి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు దాన్నే vedhava, vedava, yedhava అని తలో రకంగా రాస్తారు. సినిమా ట్రెయిలర్ల కింద అభిమానుల కొట్లాటలు చూసినవారికి ఈ వైవిధ్యం కొత్త కాదు. కాబట్టి మీ పేజీకి వచ్చిన పాత చెడ్డ కామెంట్లను చూసి, వాటిలో నిజంగా వాడిన స్పెల్లింగులనే జాబితాలోకి ఎక్కించండి. అందరికీ పనికొచ్చే జాబితా కన్నా మీ పేజీకి వచ్చే తిట్లలోంచి తీసిన చిన్న జాబితా బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు అవతలి పక్క: ఇంకొకరి పోస్టు కింద మీరు ఎప్పుడో రాసి ఇప్పుడు వద్దనుకుంటున్న మాటలు. ఆ పోస్టులు గుర్తుండవు గనుక ఒక్కొక్కటీ వెతకనక్కర్లేదు. మొదట చెప్పుకున్న రెండో సంబంధం, అంటే 'కేథీ రాసినవన్నీ', ఇక్కడ అక్కరకొస్తుంది. ఫేస్‌బుక్‌లో మీ ప్రొఫైల్ సెట్టింగుల నుంచి `Activity log` తెరిస్తే కామెంట్లు, రియాక్షన్ల విభాగంలో మీ కామెంట్లు తేదీల వారీగా ఉంటాయి. ఏ పోస్టు కిందో కూడా తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో `Your activity` కింద కామెంట్ల జాబితా ఉంది, ఒకేసారి పలు కామెంట్లు ఎంచుకుని తొలగించవచ్చు. యూట్యూబ్‌లో మీరు రాసినవి `myactivity.google.com`లో దొరుకుతాయి. మెనూల పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి గానీ జాబితా ఉంటుంది.

తొలగించే బదులు దిద్దుదామనుకునేవారు ఒకటి గమనించాలి. ఫేస్‌బుక్‌లో దిద్దిన కామెంటు పాత రూపాలను అది చూడగలిగినవారంతా మార్పుల చరిత్రలో చదవవచ్చు. అచ్చుతప్పుకు దిద్దుబాటు చాలు. అనకూడని మాట అన్నప్పుడు దిద్దడం వల్ల ఆ మాట పోదు, కాబట్టి తొలగించి కొత్తగా రాయాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మీ కామెంటు ఎవరికి కనిపించాలో నిర్ణయించేది మీరు కాదు, పోస్టు పెట్టినవారు. స్నేహితులకు మాత్రమే అని పెట్టిన పోస్టు కింద చనువుగా ఏదో అన్నారు. ఏడాది తర్వాత ఆ స్నేహితుడు ఆ పోస్టును అందరికీ తెరిచాడు. మీ చనువు మాట కూడా దాంతోపాటే అందరి ముందుకూ వచ్చింది. పాత కామెంట్లు తిరగేసేటప్పుడు అప్పట్లో ఎవరు చూశారన్నది లెక్క కాదు, ఇప్పుడు ఎవరికి కనిపిస్తోందో చూసుకోవాలి.

ఈ రెండు పక్కలూ ఒకే వ్యవహారంలో కలిసిన కేసు ఒకటి ఐరోపాలో నడిచింది. 2011 అక్టోబరు 24న ఫ్రాన్స్‌లోని నీమ్ నగరంలో జూలియన్ సాంచెజ్ అనే రాజకీయ నాయకుడు ప్రత్యర్థి పార్టీ నేత గురించి తన ఫేస్‌బుక్ గోడ మీద ఒక పోస్టు పెట్టారు. దాని కింద ఇద్దరు ఆ ఊరి ముస్లింలను ద్వేషిస్తూ కామెంట్లు రాశారు. ప్రత్యర్థి నేత జీవన సహచరి నేరుగా ఆ ఇద్దరిలో ఒకరి దగ్గరికి వెళ్లి నిలదీశారు. ఆయన ఒక రోజు లోపే తన కామెంటు తీసేశారు, ఆ సంగతి సాంచెజ్‌కూ చెప్పారు. సాంచెజ్ 27వ తేదీన తన గోడ మీద, రాసే మాటల విషయంలో జాగ్రత్తగా ఉండమని ఒక విన్నపం పెట్టారు. రెండో వ్యక్తి కామెంట్లను మాత్రం తీయలేదు.

2013 ఫిబ్రవరిలో నీమ్ కోర్టు సాంచెజ్‌నూ, కామెంట్లు రాసిన ఇద్దరినీ దోషులుగా తేల్చి, ఒక్కొక్కరికీ 4,000 యూరోల జరిమానా వేసింది. అప్పీలులో సాంచెజ్ జరిమానా 3,000కు తగ్గింది, దోషం మాత్రం పోలేదు. ఆయన ఐరోపా మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2023 మే 15న పెద్ద ధర్మాసనం 13–4 మెజారిటీతో, ఈ శిక్ష భావప్రకటన స్వేచ్ఛకు భంగం కాదని చెప్పింది. గోడను అందరికీ తెరిచి, వివాదం రేగుతోందని తెలిసీ, తీసేసే అధికారం ఉండీ ఊరుకున్న రాజకీయ నాయకుడికి బాధ్యత ఉందన్నది తీర్పు సారం. ఒక్క రోజులో తీసేసిన వ్యక్తికీ జరిమానా తప్పలేదు. ఎంత త్వరగా తొలగించినా అన్న మాట ఎవరో చదివేసి ఉంటారు, ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.

తొలగింపు చేరని చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. నోటిఫికేషన్ ఈమెయిళ్లు పెట్టుకున్నవారి ఇన్‌బాక్సులోకి మీ కామెంటు చేరి ఉంటే దాన్ని ఏ బటనూ వెనక్కి తేలేదు. స్క్రీన్‌షాట్లూ అంతే. మన దేశంలో 2021 ఐటీ నిబంధనల ప్రకారం, కోర్టు లేదా ప్రభుత్వ ఆదేశం మీదో, ఫిర్యాదు మీదో సంస్థే తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలి. అంటే ఫిర్యాదుతో పోయిన కామెంటు జనం కంటికి కనిపించకపోయినా పోలీసులకు దొరుకుతుంది.

మీ పోస్టు కింద ఎవరైనా బెదిరిస్తూ రాసినప్పుడు ఈ విషయం గుర్తుపెట్టుకోండి. భయంతోనో అసహ్యంతోనో వెంటనే తొలగిస్తే మీ చేతిలో ఆధారం మిగలదు. మొదట తేదీ, రాసినవారి ప్రొఫైల్ లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత ఆ సంస్థకు రిపోర్ట్ చేయండి, అవసరమైతే `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. ఆ తర్వాతే తొలగించండి, చివరగా బ్లాక్ చేయండి. మీరు ఇంకొకరి దగ్గర రాసినవాటికి మాత్రం తొలగింపే మొదటి పని. ఒకరిని బ్లాక్ చేయాలన్నా, ఒక గ్రూపు వదిలి రావాలన్నా ముందు అక్కడున్న మీ కామెంట్లు తీసేయండి. ఒకసారి ఆ పోస్టు మీకు కనిపించకుండా పోయాక దాని కింది మీ మాటను చేరుకోవడం కష్టం.